పై పడకకూ ఫ్యానుకూ మధ్య ఎంత దూరం?

రెండు ఒంటి మంచాలను ఒకదానిపై ఒకటి నిలిపి కట్టినదాన్ని బంక్ బెడ్ అంటారు. పైన ఒక్క పడకే ఉండి, దాని కింది చోటును చదువుకునే బల్లకో బట్టల బీరువాకో వదిలేస్తే అది లాఫ్ట్ బెడ్. రెండింటిలోనూ జరిగేది ఒకటే. పడుకోవడానికి కావలసిన చోటులో సగమో మొత్తమో నేల మీద నుంచి గోడ ఎత్తులోకి వెళుతుంది. పాత ఇళ్లలో సామాను ఎక్కించిన అటక చేసిన పనే ఇదీ చేస్తుంది. కాకపోతే అటక మీద బిందెలూ గుండిగలూ ఉండేవి, ఇక్కడ పిల్లలు ఉంటారు.

అపార్ట్‌మెంట్లలో పిల్లలకు దక్కే గది తరచూ 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే 100 చదరపు అడుగులు. తలుపు తిరగడానికి 9, బీరువాకు 10 చదరపు అడుగులు తీసేస్తే 81 మిగులుతాయి. ఒక ఒంటి మంచం పట్టెలూ కోళ్లతో కలిపి సుమారు 20 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. రెండు మంచాలు పక్కపక్కన వేస్తే తిరగడానికి మిగిలేది 41. ఒకదానిపై ఒకటి వేస్తే 61. కాగితం మీద 20 చదరపు అడుగులు చిన్న అంకెలా కనిపించినా ఖాళీ నేల దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టి, ఇద్దరు పిల్లలు కింద కూర్చుని ఆడుకునే చోటూ మిగులుతుంది.

ఈ లెక్క చూసుకుని మంచం కొనేవారు గదిని పైనుంచి చూసినట్టుగా, నేల మీదే కొలుస్తారు. ఎత్తును కొలిచేవారు తక్కువ. మన గదుల్లో అసలు చిక్కు ఎత్తులోనే ఉంది, అది సీలింగు ఫ్యాను. బంక్ బెడ్ల భద్రత గురించి అమెరికాలోనూ యూరపులోనూ రాసిన నిబంధనలు ప్రధానంగా మంచం నిర్మాణం గురించే మాట్లాడతాయి. ఆస్ట్రేలియా ఎండ దేశం కాబట్టి అక్కడి వినియోగదారుల శాఖలు ఫ్యాను సంగతి విడిగా చెబుతాయి. పై పడక ఫ్యానుకూ దీపాలకూ కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలన్నది వాటి సలహా.

10 అడుగుల గదిలో అది సాధ్యమవుతుందా అన్నది కొలతలతోనే తేలుతుంది. గది నడిమధ్య కొక్కేనికి ఫ్యాను వేలాడుతోందనుకుందాం. గోడ నుంచి కొక్కేనికి 60 అంగుళాలు. ఇళ్లలో మామూలుగా వాడే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్కలు తిరిగే వలయం అడ్డంగా 48 అంగుళాలు ఉంటుంది, అందులో సగం 24. కాబట్టి రెక్క కొస గోడకు 36 అంగుళాల దూరంలో తిరుగుతుంది. గోడకు ఆనించిన ఒంటి మంచం 36 అంగుళాల పరుపుకు కోళ్ల మందం కలిపి 39 అంగుళాలు ముందుకు వస్తుంది. అంటే మంచాన్ని గోడ మధ్యలో వేస్తే రెక్క కొస మంచం అంచును దాటి 3 అంగుళాలు లోపలికే వస్తోంది. మూలకు జరిపినా తప్పుకోదు, ఆరున్నర అడుగుల మంచం 10 అడుగుల గోడ మీద ఏ మూలకు జరిగినా గోడ నడిమధ్యను దాటి వస్తుంది.

ఇక ఎత్తు. నేల నుంచి స్లాబు దాకా 114 అంగుళాలు, అంటే తొమ్మిదిన్నర అడుగులు ఉన్న గదిని తీసుకోవచ్చు. స్లాబు నుంచి 12 అంగుళాలు దిగి 102 అంగుళాల దగ్గర రెక్కలు తిరుగుతాయి. కింది పడకలో తల తగలకుండా కూర్చోవాలంటే పై పడక పలకలు 52 అంగుళాల ఎత్తుకు రావాలి. దాని మీద 4 అంగుళాల పరుపు వేస్తే పై పడక 56 అంగుళాలకు చేరుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల, సుమారు 52 అంగుళాల ఎత్తు ఉన్నది, ఆ పరుపు మీద కూర్చుని చెయ్యి పైకి చాపితే వేళ్లు 96 అంగుళాల దాకా వెళతాయి. రెక్కకు 6 అంగుళాలు కింద ఆగిపోతాయి. మోకాళ్ల మీద లేచి చెయ్యెత్తితే 107 అంగుళాలు, రెక్కను దాటిపోయినట్టే. నిలబడితే చెయ్యి ఎత్తనక్కర్లేదు, తలే 108 అంగుళాల దగ్గర ఉంటుంది. దుప్పటి దులిపేటప్పుడో చొక్కా తల మీదుగా విప్పేటప్పుడో మోకాళ్ల మీద లేవడం పిల్లలకు మామూలే.

రెక్క దెబ్బ ఎంత బలమైనదో వేగాన్ని బట్టి అంచనా కట్టవచ్చు. నిమిషానికి 350 చుట్లు తిరిగే 1200 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్క కొస సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. గంటకు దాదాపు 79 కిలోమీటర్లు.

ఫ్యాను రాడ్డు కత్తిరించి పైకి జరపడం చాలామందికి మొదట తోచే ఉపాయం. రెక్కలు స్లాబుకు మరీ దగ్గరైతే పైనుంచి గాలి లాక్కునే చోటు తగ్గి, కిందికి వచ్చే గాలి పలచబడుతుంది. అంత చేసినా నిలబడ్డ పిల్ల తలకూ స్లాబుకూ మధ్య ఉన్నది 6 అంగుళాలే, రెక్కకు అందులో చోటు లేదు. 24 అంగుళాల చిన్న ఫ్యాను బిగిస్తే రెక్క కొస మంచం అంచుకు 9 అంగుళాల దూరానికి జరుగుతుంది కానీ పిల్ల చెయ్యి అంతకు రెట్టింపు పొడవు. పైన ఎవరైనా ఉన్నప్పుడు ఫ్యాను వేయం అనే ఇంటి కట్టుబాటు ఏప్రిల్ దాకా నిలబడుతుందేమో. మే నెల రాత్రి ఎవరో ఒకరు స్విచ్చి నొక్కుతారు. 10 అడుగుల గదిలో నడిమి ఫ్యానూ బంక్ బెడ్డూ కలిసి ఉండకూడదని ఒప్పుకోవడమే సరైనది. ఫ్యాను దించేసి, జాలీ ఉన్న గోడ ఫ్యాన్లు రెండు బిగించుకోవాలి. పై పడకకు ఒకటి, కింది పడకకు ఒకటి, రెండూ పడుకున్నవారి కాళ్ల వైపు, చెయ్యి చాపితే అందనంత దూరంలో. కింది పడకకు విడిగా ఫ్యాను పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. పైనుంచి వచ్చే గాలిని పై పడక గొడుగులా అడ్డుకుంటుంది కనుక సీలింగు ఫ్యాను ఉన్న గదుల్లో కింద పడుకున్న పిల్లలకు చెమటలూ దోమలూ ఎక్కువ.

పై అంతస్తు ఇళ్లలో పై పడకకు వేడి బెడద తోడవుతుంది. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని వెంటనే వదలదు. చీకటి పడ్డాక గంటల తరబడి కిందికి ప్రసరింపజేస్తూనే ఉంటుంది. వేడిగాలి పైకి చేరడం దానికి అదనం. స్లాబుకు నాలుగైదు అడుగుల దూరంలో పడుకున్నవారికి ఆ తేడా తెలుస్తుంది. వేసవి రెండు నెలలూ పై పడకను ఖాళీగా ఉంచి, నేల మీద చాప పరిచే ఇళ్లు అందుకే కనిపిస్తాయి. అందులో తప్పేమీ లేదు.

ఫ్యాను సంగతి తేలాక వచ్చేది పడిపోవడం. అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు 1990 నుంచి 2005 వరకు బంక్ బెడ్ల వల్ల గాయపడి వచ్చిన పిల్లల, యువకుల లెక్కలను పరిశోధకులు పరిశీలించి 2008లో ప్రచురించారు. ఏడాదికి సగటున 36 వేల మందికి దగ్గరగా వచ్చినట్టు అంచనా వేశారు. వారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది కింద పడినవారు. సగం మంది ఆరేళ్లలోపు పిల్లలు. కాలేజీ హాస్టళ్ల వయసువారిలో, అంటే 18 నుంచి 21 ఏళ్లవారిలో, గాయాలు మళ్లీ పెరగడం ఆ లెక్కల్లో చిత్రమైన విషయం. ఆరేళ్లలోపు పిల్లలను పై పడక మీద పడుకోబెట్టవద్దని అమెరికాలో మంచం మీదే అచ్చువేసి అమ్మాలి. యూరపు ప్రమాణమూ అదే వయసు చెబుతుంది. ఆస్ట్రేలియాలో తొమ్మిదేళ్లు నిండాలంటారు.

56 అంగుళాల పడక మీద నుంచి, అంటే సుమారు 1.4 మీటర్ల ఎత్తు నుంచి జారిపడిన శరీరం నేలను తాకేసరికి గంటకు 19 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వేగం కన్నా గాయాన్ని నిర్ణయించేది అది ఎంత దూరంలో ఆగిందన్నది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే శరీరం మీద పడే సగటు బలం దాని బరువుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. నేల, చర్మం, కండరం అన్నీ కలిసి ఒక సెంటీమీటరు అణిగితే అది 140 రెట్లు. 5 సెంటీమీటర్లు అణిగితే 28 రెట్లు. మన ఇళ్ల నేలలు గ్రానైటు, మార్బుల్, విట్రిఫైడ్ టైల్సు. ఇవి ఏమాత్రం అణగవు. దుకాణాల్లో దొరికే పలచని కార్పెట్టు ఈ లెక్కను పెద్దగా మార్చదు. జిమ్నాస్టిక్సులో వాడేలాంటి మందపాటి ఫోమ్ చాప మారుస్తుంది కానీ, ఆదా చేసుకున్న నేలను అదే ఆక్రమిస్తుంది. కాబట్టి పడకుండా ఆపే అడ్డుపట్టీ మీదే భారం వేయాలి.

అడ్డుపట్టీ ఎత్తును పలకల నుంచి కొలవకూడదు, పరుపు పైభాగం నుంచి కొలవాలి. అమెరికాలో 2000 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అది పరుపు కన్నా కనీసం 5 అంగుళాలు ఎత్తు ఉండాలి. యూరపులో 16 సెంటీమీటర్లు, అంటే 6 అంగుళాల పైచిలుకు. నిద్రలో దొర్లే పిల్ల శరీరపు బరువు మధ్యబిందువు పరుపుకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంటుంది. పట్టీ ఆ బిందువు కన్నా బాగా పైన ఉంటే దొర్లిన శరీరం దానికి తగిలి వెనక్కి వస్తుంది. దానికి సమానంగానో కిందనో ఉంటే పట్టీ మీదుగా తిరగబడిపోతుంది.

ఎక్కువగా పొరపాటు జరిగే చోటు కూడా ఇదే. వడ్రంగి పలకల నుంచి 10 అంగుళాల ఎత్తున పట్టీ కట్టాడు, 4 అంగుళాల కొబ్బరిపీచు పరుపు వేశారు. 6 అంగుళాల అడ్డు మిగిలింది, బాగానే ఉంది. రెండేళ్లకు ఆ పరుపు గట్టిపడిందని 6 అంగుళాల ఫోమ్ పరుపు కొన్నారు. అడ్డు 4 అంగుళాలకు తగ్గింది. చలికాలం బొంత ఒకటి పరిస్తే మూడే. మంచంలో ఏదీ విరగలేదు, ఎవరూ ఏదీ విప్పలేదు, పడుకున్న పిల్ల మాత్రం ఎత్తుకు చేరింది. యూరపు మంచాల మీద పరుపు ఇంతకు మించి రాకూడదని ఒక గీత గీసి ఉంటుంది. వడ్రంగి చేత చేయించిన మంచానికి ఆ గీత ఇంట్లోవాళ్లే కోడు మీద పెయింటుతో గీసుకోవచ్చు. పట్టీ పైఅంచు నుంచి 6 అంగుళాలు కిందికి కొలిచి గీస్తే సరిపోతుంది.

గోడ వైపు కూడా పట్టీ ఉండాలంటే వడ్రంగులు నవ్వుతారు. గోడ ఉంది కదా అని. కానీ మంచం గోడకు ఆనుకుని ఉండిపోదు. పిల్లలు ఎక్కి దిగుతుంటే కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. నాలుగు అంగుళాల సందు ఏర్పడితే చిన్నపిల్ల కాళ్లవైపు నుంచి అందులోకి జారిపోతుంది. అక్కడే రెండో ప్రమాదం ఉంది, పడటం కన్నా అరుదైనది, అంతకన్నా భయంకరమైనది. పసివాళ్ల మొండెం మెత్తనిది, నొక్కుకుని ఇరుకు సందులోంచి దాటుతుంది. పుర్రె అలా నొక్కుకోదు, పైగా వాళ్ల ఒంటికి తల పెద్దది. కాళ్లు, నడుము, ఛాతీ దాటిపోయి తల దగ్గర ఆగిపోతే పిల్ల మెడ మీద వేలాడుతుంది. అందుకే నిబంధనల్లో రెండు హద్దులు పెట్టారు. పై పడక చుట్టూ పట్టీల మధ్య, పలకల మధ్య ఏ సందైనా మొండెం కూడా దూరలేనంత చిన్నదిగా, అంటే 9 సెంటీమీటర్ల లోపు ఉండాలి. కింది పడక చివర్లలోని సందులు అలాగైనా ఉండాలి, లేదా తలతో సహా మనిషి దాటిపోయేంత పెద్దవిగా, 23 సెంటీమీటర్లకు మించి ఉండాలి. ఆ రెండింటి మధ్య ఉన్నదే ప్రమాదకరమైన సందు. అందంగా కనిపించాలని వెల్డింగు షాపులో వేసే వంపు డిజైన్లలో సరిగ్గా ఈ కొలత సందులే వస్తుంటాయి. 9 సెంటీమీటర్ల వెడల్పు చెక్కముక్క ఒకటి చేతిలో పట్టుకుని మంచమంతా తిరిగితే తెలిసిపోతుంది. ముక్క దూరిన చోటల్లా అడ్డంగా ఇంకో పట్టీ వేయించాలి. పై పడక మీద ఎనిమిదేళ్ల అన్నే పడుకున్నా, పగలు దాని మీదకు ఎక్కేది మూడేళ్ల చెల్లెలు కావచ్చు.

నిచ్చెన విషయంలో ఎక్కడం కన్నా దిగడం కష్టం. రాత్రి నిద్రమత్తులో, చీకట్లో, కాలితో మెట్టును వెతుక్కుంటూ వెనక్కి దిగాలి. గుండ్రటి గొట్టాల కన్నా అరిపాదం ఆనే చదునైన మెట్లు మేలు. వాటి మధ్య దూరం 25 సెంటీమీటర్ల చుట్టుపక్కల, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. నిచ్చెనను కొక్కేలతో తగిలించడం కాకుండా బోల్టులతో బిగించాలి. సొరుగులున్న మెట్లవరుస ఇంకా భద్రం. కానీ అది ఆరేడు చదరపు అడుగులు తినేస్తుంది, ఆదాలో మూడో వంతు.

ఇక కట్టడం. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలతో చేసిన చట్రం పక్కకు తోస్తే సమాంతర చతుర్భుజంలా వాలుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఈ ఊపు ఎక్కువవుతుంది. ఏటవాలుగా ఒక్క బద్ద వేస్తే చట్రం రెండు త్రిభుజాలవుతుంది, త్రిభుజం ఆకారం మారాలంటే భుజం పొడవే మారాలి కనుక ఊపు ఆగిపోతుంది. వెనక వైపు, తలాపున ఒక్కొక్క ఏటవాలు బద్ద చాలు. దాంతోపాటు పై పట్టెను గోడకు రెండు చోట్ల యాంకర్ బోల్టులతో బిగిస్తే మంచం ముందుకు జరగడమూ ఆగుతుంది. ఇక్కడ చిన్న మెలిక ఉంది. గోడ అడుగున టైల్సు స్కర్టింగు అర అంగుళం ముందుకు ఉంటుంది కాబట్టి కోడు కింద ఆనుతుంది కానీ పైన పట్టెకూ గోడకూ సందు మిగులుతుంది. ఆ సందులో అంతే మందం చెక్క పెట్టకుండా బోల్టు బిగిస్తే పట్టె వంగి కీళ్లు వదులవుతాయి. గుల్ల ఇటుకల గోడకైతే మామూలు యాంకరు పట్టదు, దానికి తగిన రకం అడిగి తెచ్చుకోవాలి.

ప్లైవుడ్డు అంచులోకి దిగ్గొట్టిన స్క్రూలు ఈ మంచాల్లో బలహీనమైన చోటు. అంచులో స్క్రూ పొరల మధ్య దూరుతుంది, కుదుపులకు పొరలు విడిపోతాయి. పట్టెలను కోళ్లకు కలిపే చోట ఇటు నుంచి అటు దూసుకుపోయే బోల్టు, వెడల్పు వాషరు, వదులు కాని నట్టు ఉండాలి. పలకలు పట్టెల మీద ఊరికే పేర్చి ఉంటే ప్రమాదం కింద పడుకున్నవారికి. పట్టెలు రవ్వంత ఎడమైతే పలకతో సహా పైనున్నవారు కిందికి వస్తారు. ప్రతి పలకనూ రెండు కొసల్లోనూ స్క్రూతో బిగించాలి. లోపం ముదిరే ముందు మంచం చెబుతూనే ఉంటుంది. ఎక్కినప్పుడు కిర్రుమని చప్పుడు, బోల్టు రంధ్రం చుట్టూ సన్నటి చెక్కపొడి, ఇనుప మంచమైతే వెల్డింగు పక్కన పెయింటులో వెంట్రుకవాసి పగులూ దాని వెంట తుప్పు గీతా.

పిల్లలు చేర్చే ప్రమాదాలూ కొన్ని ఉన్నాయి. పై పట్టె కనిపించగానే దానికి చీర కట్టి ఉయ్యాల వేయాలనిపించడం సహజం. చున్నీ, బెల్టు, స్కూలు బ్యాగు పట్టీ, దోమతెర తాళ్లు, ఇలా మెడకు చుట్టుకోగలిగే దేన్నీ పై పడకకు వేలాడదీయకూడదు. దోమతెర వేయాలంటే తాళ్లతో వేలాడేది వద్దు, కింది పడకకు మడిచి తెరిచే గొడుగు రకం కుదురుతుంది. కిటికీ పక్కన పై పడక వేస్తే గ్రిల్లు ఉందో లేదో, దాని సందులెంతో కూడా చూడాలి.

టేకు అయినా మామిడి చెక్క అయినా వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుపోతుంది. వానాకాలంలో బిగుతుగా ఉన్న బోల్టు ఏప్రిల్ చివరికి చేత్తో తిప్పినా తిరుగుతుంది. స్పానరు పట్టుకుని అన్నీ ఒకసారి బిగించడానికి అదే సమయం. అద్దె ఇల్లు మారి మంచం విప్పినప్పుడు బోల్టులన్నీ ఒక సంచిలో వేసి పట్టెకే కట్టేయాలి, లేకపోతే కొత్త ఇంట్లో ఎనిమిదింటికి ఆరే దొరుకుతాయి. ఆ గదిలో బిగించే ముందు టేపుతో మొదట కొలవాల్సింది స్లాబు ఎత్తు, తర్వాత ఫ్యాను కొక్కెం గోడకు ఎంత దూరమో.